130 గంటల్లో ఏది చదవాలి: గ్రూప్-2 ప్రిలిమ్స్ సిలబస్‌కు ప్రాధాన్య జాబితా కట్టే పద్ధతి

ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్ సిలబస్ చూడ్డానికి చిన్నదే. రెండు మూడు పేజీల్లో అయిపోతుంది. చిక్కంతా ఒక్కో వాక్యం వెనక ఉన్న చదువులో ఉంది. ప్రాచీన చరిత్రలో మౌర్య, గుప్త సామ్రాజ్యాల పరిపాలన, సామాజిక ఆర్థిక స్థితిగతులు, కళలు, వాస్తు, సాహిత్యం అని ఒక్క ముక్కలో రాసి ఊరుకుంటారు. దాని కిందికి లావుపాటి పుస్తకంలో మూడు నాలుగు అధ్యాయాలు వస్తాయి. భారతీయ సమాజం విభాగంలో కుటుంబం, వివాహం, బంధుత్వం, కులం, తెగ, మతం, మహిళలు అని మరో ముక్క ఉంటుంది. అది పట్టుమని పది పదాలు లేకపోయినా దానికి విడిగా 10 మార్కులున్నాయి. మౌర్యులు, గుప్తులు మాత్రం సింధు నాగరికత, వేదకాలం, బౌద్ధ జైనాలు, హర్షుడితో కలిసి అదే 10 మార్కులను పంచుకోవాలి.

తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల గదులు తీసుకుని చదివేవాళ్లలో ఎక్కువమంది సిలబస్‌ను పైనుంచి కిందికి చదువుకుంటూ పోతారు. అంటే సింధు నాగరికతతో మొదలుపెడతారు. పరీక్ష తేదీ దగ్గరపడేసరికి ఢిల్లీ సుల్తానులు అవుతూ ఉంటారు, సమాజం విభాగం పుస్తకం అట్ట కూడా తెరిచి ఉండరు. ఈ తంటా తెలిసినవాళ్లు ‘వెయిటేజీ ఎక్కువున్నవి, మనకు రానివి ముందు చదవాలి’ అంటారు. సలహా మంచిదే కానీ అందులో ఒక లెక్క తక్కువైంది. ఆ మార్కు సంపాదించడానికి ఎన్ని గంటలు పడుతుందన్నది కలపకపోతే జాబితా తలకిందులవుతుంది. ఎలా తలకిందులవుతుందో, ఆ లెక్క కలిపితే ఏం మారుతుందో ఒక అభ్యర్థి అంకెలతో ఇక్కడ చూద్దాం.

మార్కుల వైపు నుంచి

ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలు, 150 మార్కులు, 150 నిమిషాలు. తప్పు సమాధానానికి మార్కులో మూడో వంతు పోతుంది. చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, వర్తమాన వ్యవహారాలు, మెంటల్ ఎబిలిటీ అనే అయిదు విభాగాలకు తలా 30 మార్కులు. మొదటి మూడు విభాగాల్లో ఒక్కోదాన్ని మళ్లీ మూడేసి భాగాలు చేసి భాగానికి 10 మార్కులు ఇచ్చారు. చరిత్రలో ప్రాచీన, మధ్య, ఆధునిక యుగాలు; భూగోళంలో భౌతిక, ఆర్థిక, మానవ భూగోళం; సమాజంలో నిర్మాణం, సామాజిక సమస్యలు, సంక్షేమ యంత్రాంగం. మిగిలిన రెండు విభాగాలకు లోపల విడి మార్కులు లేవు. కాబట్టి వెయిటేజీ కోసం ఎవరి అంచనా మీదా ఆధారపడక్కర్లేదు. 150లో 90 మార్కులకు లెక్క సిలబస్‌లోనే రాసి ఉంది.

పాత ప్రశ్నపత్రాల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ఇప్పటి పద్ధతి 2023 డిసెంబరు నోటిఫికేషన్‌తో వచ్చింది, ఆ పద్ధతిలో తొలి ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది. 2017లో జరిగిన స్క్రీనింగ్ పరీక్షలో రాజ్యాంగం, ఆర్థికాభివృద్ధి ఉండేవి. ఇప్పుడు అవి మెయిన్స్‌లోకి వెళ్లాయి. జిరాక్సు షాపుల్లో ‘గత పదేళ్ల గ్రూప్-2 పేపర్లు’ అని కట్టగా అమ్మేదాన్ని తెచ్చుకుని ప్రశ్నలు లెక్కపెడితే, ప్రిలిమ్స్‌లో లేని సబ్జెక్టుకు పెద్ద వెయిటేజీ కనిపిస్తుంది.

కొత్త పద్ధతి పేపర్‌ను లెక్కపెట్టినా, ఒకటి రెండు పేపర్లను బట్టి 10 మార్కుల భాగం లోపల మరీ లోతుకు పోకూడదు. ఒక పేపర్లో హర్షుడి మీద ఒక్క ప్రశ్నా రాలేదంటే వచ్చేసారి కూడా రాదని కాదు. ఆరు అంశాలున్న చోట పది ప్రశ్నల పంపకం ప్రతిసారీ అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. అందుకని సగం మార్కులను అంశాలన్నిటికీ సమానంగా పంచి, మిగతా సగాన్నే పాత పేపర్ల లెక్క ప్రకారం పంచడం మేలు. అప్పుడు ఏ అంశం విలువా సున్నాకు పడిపోదు, ఒకసారి నాలుగు ప్రశ్నలొచ్చిన అంశం నెత్తికెక్కి కూర్చోదు.

బలహీనతను కొలవడం

‘నాకు హిస్టరీ వీక్’ అనే మాటతో లెక్క కట్టలేం. చదివేవాళ్ల మనసులో బలహీనత అంటే సాధారణంగా ఇష్టంలేనిది. కొలిచి చూస్తే చాలాసార్లు వేరేది బయటపడుతుంది. రెండుసార్లు చదివిన అధ్యాయం కళ్లకు అలవాటై వచ్చినట్టే అనిపిస్తుంది, తీరా ప్రశ్నలో నాలుగు ఆప్షన్లు పక్కపక్కన పెడితే చెయ్యి ఆగిపోతుంది.

కొలవడానికి ఏమీ చదవకముందే ఒక పూర్తి పేపర్ రాయాలి. 150 నిమిషాలు గడియారం పెట్టుకుని, ఓఎంఆర్ మీదే. ప్రతి ప్రశ్న పక్కన పేపర్ మీద ఒక గుర్తు పెట్టుకోవాలి: ఖాయంగా తెలిస్తే టిక్కు, రెండు మూడు ఆప్షన్లకు కుదించి పెట్టినదైతే గీత, గుడ్డిగా పెట్టినదైతే సున్నా. తర్వాత ఒక్కో భాగానికి నికర మార్కు వెయ్యాలి. అంటే ఒప్పుల్లోంచి తప్పుల సంఖ్యలో మూడో వంతు తీసెయ్యాలి.

ఆ గుర్తులు ఎందుకంటే, ఒకే నికర మార్కు వెనక రెండు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. ప్రాచీన చరిత్రలో మూడు ఒప్పులు పెట్టి ఏడు వదిలేసినవాళ్లకు 3 వస్తుంది. నాలుగు ఒప్పులు, మూడు తప్పులు పెట్టి మూడు వదిలేసినవాళ్లకూ 3 వస్తుంది. మొదటివాళ్లకు విషయం తెలియదు, చదివితే సరిపోతుంది. రెండోవాళ్లు పెట్టిన తప్పుల పక్కన టిక్కులుంటే వాళ్ల బుర్రలో తప్పు విషయం స్థిరపడిపోయింది. బౌద్ధ సంగీతులు ఇందుకు మంచి ఉదాహరణ. రాజగృహం, వైశాలి, పాటలీపుత్రం, కశ్మీరం అనే నాలుగు చోట్లూ తెలిసి ఉంటాయి, అజాతశత్రువు, కాలాశోకుడు, అశోకుడు, కనిష్కుడు అనే నలుగురు రాజులూ తెలిసి ఉంటారు. ఏది ఎవరి కాలమో జతపరచమన్నప్పుడే తారుమారవుతుంది. ఈ రకం తప్పుకు అధ్యాయం మళ్లీ మొదటినుంచి చదవడం వల్ల ఉపయోగం తక్కువ. ఒక చిన్న పట్టిక రాసుకుని నాలుగైదు సార్లు చూడకుండా అప్పజెప్పుకుంటే పోతుంది. దానికి గంటలు తక్కువ పడతాయి కాబట్టి ఆ అంశం జాబితాలో పైకి వస్తుంది.

గుడ్డిగా పెట్టినవాటికి కూడా ఒక లెక్కుంది. నాలుగు ఆప్షన్లలో గాలివాటంగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. నాలుగు ప్రశ్నల్లో ఒకటి ఒప్పై ఒక మార్కు వస్తుంది, మిగతా మూడు తప్పై ఒక మార్కు పోతుంది. ఒక ఆప్షన్‌ను కచ్చితంగా కొట్టెయ్యగలిగితే ప్రశ్నకు తొమ్మిదో వంతు మార్కు మిగులుతుంది. రెండు కొట్టెయ్యగలిగితే మూడో వంతు. అందుకే గీత పెట్టిన ప్రశ్నలు ఎక్కువున్న భాగాన్ని వట్టి బలహీనతగా చూడకూడదు. అక్కడ సగం పని ముందే అయిపోయి ఉంది, కొద్ది గంటల్లోనే అవి టిక్కులవుతాయి.

మెంటల్ ఎబిలిటీని మరో రకంగా పరీక్షించాలి. అదే 30 ప్రశ్నలను మర్నాడు గడియారం లేకుండా మళ్లీ చెయ్యాలి. మార్కు పెద్దగా పెరగకపోతే పద్ధతులు రావట్లేదన్నమాట. 17 వచ్చింది కాస్తా 23 అయితే పద్ధతులు వచ్చు, వేగం లేదు. ఈ రెండోవాళ్లు శాతాలు, కాలం-పని అధ్యాయాలను మొదటినుంచి చదువుతూ కూర్చుంటే గంటలు దండగ. వాళ్లకు కావాల్సింది నిమిషాలు లెక్కపెట్టుకుని చేసే అభ్యాసం.

ఒక హెచ్చరిక కూడా ఉంది. పది ప్రశ్నల పరీక్షలో ఒకటి రెండు మార్కుల తేడాకు అర్థం లేదు. ఆరోజు వచ్చిన ప్రశ్నలు కలిసిరాకపోవచ్చు. 2కూ 5కూ తేడా నమ్మొచ్చు గానీ 3కూ 4కూ ఉన్న తేడాతో క్రమం నిర్ణయించకూడదు. వీలైతే వేర్వేరు సంస్థలు తయారుచేసిన రెండు పేపర్లు రాసి సగటు తీసుకోవాలి.

ఒక అభ్యర్థి లెక్క

డిగ్రీ సైన్సుతో చదివి, తిరుపతిలో ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూ తెలుగు మీడియంలో రాసే ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. పరీక్షకు 10 వారాలుంది. వారానికి 18 గంటల చొప్పున మొత్తం 180 గంటలు. అందులో 50 గంటలు పునశ్చరణకు, మోడల్ పేపర్లకు ముందే తీసి పక్కన పెట్టాలి. ఇది చివర్లో మిగిలితే చేసే పని కాదు. మొదటివారం చదివింది తొమ్మిదోవారానికి మిగలాలంటే ఈ 50 గంటలే దిక్కు. ఇక కొత్తగా చదవడానికి మిగిలేవి 130.

రాసిన పేపర్లో నికరంగా 54 మార్కులు వచ్చాయి. ఇప్పుడు ఒక్కో భాగానికీ చేరగల మార్కు, అందుకు పట్టే గంటలు రాసుకోవాలి. చేరగల మార్కును 10కి 10 అని రాస్తే లెక్క చెడిపోతుంది. ప్రతి భాగంలోనూ చివరి రెండు మూడు ప్రశ్నలు మూలల్లోంచి వస్తాయి, వాటికోసం పట్టే గంటలకు అంతుండదు. ఉన్న లోటులో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు పూడుతుందనుకోవడం సబబు. వర్తమాన వ్యవహారాల్లో హద్దు లేదు కాబట్టి అక్కడ మూడో వంతు కూడా ఆశించకూడదు.

| భాగం | ఇప్పుడు | చేరగలది | గంటలు | గంటకు లాభం |
|---|---|---|---|---|
| సమాజ నిర్మాణం | 2 | 7 | 12 | 0.42 |
| మానవ భూగోళం | 3 | 7 | 10 | 0.40 |
| సంక్షేమ యంత్రాంగం | 2 | 7 | 14 | 0.36 |
| మెంటల్ ఎబిలిటీ (30కి) | 17 | 25 | 25 | 0.32 |
| సామాజిక సమస్యలు | 4 | 7 | 10 | 0.30 |
| ఆర్థిక భూగోళం | 3 | 7 | 16 | 0.25 |
| ప్రాచీన చరిత్ర | 3 | 7 | 20 | 0.20 |
| మధ్యయుగ చరిత్ర | 2 | 6 | 25 | 0.16 |
| భౌతిక భూగోళం | 4 | 7 | 20 | 0.15 |
| వర్తమాన వ్యవహారాలు (30కి) | 9 | 15 | 40 | 0.15 |
| ఆధునిక చరిత్ర | 5 | 8 | 25 | 0.12 |

ఎక్సెల్లో చేసుకునేవాళ్లు B గడిలో ఇప్పటి మార్కు, C గడిలో చేరగలది, D గడిలో గంటలు వేసుకుంటే E గడిలో ఇది రాస్తే చాలు. తర్వాత పట్టిక మొత్తాన్ని E నిలువు వరుసను బట్టి పెద్దదాన్నుంచి చిన్నదానికి సర్దుకోవాలి.

```
=(C2-B2)/D2
```

గంటలన్నీ కూడితే 217. ఉన్నవి 130. అంటే ఏదో ఒకటి వదలక తప్పదు. ఏది వదలాలన్నదే జాబితా తేల్చాలి.

ముందు గంటల లెక్క లేకుండా, వెయిటేజీ-బలహీనత సూత్రం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమయ్యేదో చూడాలి. లోటు ఎక్కడ పెద్దదో అది ముందు. వర్తమాన వ్యవహారాల్లో 21 మార్కుల లోటు ఉంది కాబట్టి మొదటి 40 గంటలు అక్కడికే పోతాయి, వచ్చేది 6 మార్కులు. తర్వాత మెంటల్ ఎబిలిటీ, ఆపైన మధ్యయుగం, సమాజ నిర్మాణం, సంక్షేమం. ఇక్కడికి 116 గంటలు, 28 మార్కులు. మిగిలిన 14 గంటల్లో ఇంకో మూడు నాలుగు. మొత్తం 31 లేదా 32 మార్కులు పెరుగుతాయి.

గంటకు లాభం ప్రకారం వెళ్తే సమాజ నిర్మాణం నుంచి ఆర్థిక భూగోళం దాకా ఆరు భాగాలు 87 గంటల్లో అయిపోయి 29 మార్కులు తెస్తాయి. ప్రాచీన చరిత్రకు 20 గంటలు పెడితే ఇంకో 4. మిగిలిన 23 గంటలు మధ్యయుగానికి. మొత్తం 36, 37 మార్కుల పెరుగుదల. చదివేది అదే మనిషి, పెట్టేది అవే 130 గంటలు, తేడా అయిదు మార్కులు. కటాఫ్ దగ్గర ఒక్కో మార్కులో వేలమంది ఉండే పరీక్షలో ఇది చిన్న తేడా కాదు.

పట్టికలో మెంటల్ ఎబిలిటీ ఉన్న చోటు గమనించాలి. 30కి 17 అంటే ఈ అభ్యర్థికి అన్నిటికంటే బాగా వచ్చిన విభాగం అదే. ‘వీక్ సబ్జెక్టులు ముందు’ అనే సూత్రాన్ని శాతాల్లో పెట్టుకుంటే అది అట్టడుగుకు పోతుంది. కానీ మార్కుల్లో చూస్తే ఇంకా 13 అక్కడే పడి ఉన్నాయి, సైన్సు చదివిన చేతికి అవి త్వరగా అందుతాయి. బాగా వచ్చిన సబ్జెక్టును పక్కనపెట్టడం వల్ల చాలామంది చేజార్చుకునే మార్కులు ఇవే.

పెద్ద ముద్దను విడగొడితే

వర్తమాన వ్యవహారాలను 40 గంటల ఒకే ముద్దగా చూసినంతసేపూ దాని చోటు పదో వరుసే. నిజానికి అందులోని గంటలన్నీ ఒక్క విలువవి కావు. రాష్ట్ర బడ్జెట్, రాష్ట్ర పథకాలు, రాష్ట్రంలోని ముఖ్య నియామకాలు, పురస్కారాలు, పెద్ద జాతీయ అంశాలు, వీటికి ఒక 12 గంటలు పెడితే 3 మార్కులు వస్తాయనుకుందాం. గంటకు 0.25. అంతర్జాతీయ సదస్సులు, సూచీలు, క్రీడలు అంటూ మిగిలిన 28 గంటలకు ఇంకో 3 మార్కులు. గంటకు 0.11. మొదటి ముక్క ఆర్థిక భూగోళం పక్కకు ఎగబాకుతుంది, రెండోది ఆధునిక చరిత్ర కంటే కిందికి పోతుంది.

మధ్యయుగం కూడా అంతే. చోళుల పరిపాలన, భక్తి, సూఫీ ఉద్యమాలు, శివాజీ-మరాఠాలు, ఈ మూడూ హద్దులున్న అంశాలు. చోళుల దగ్గర స్థానిక స్వపరిపాలన, ఉత్తరమేరూరు శాసనం, కుడవోలై ఎన్నిక పద్ధతి పట్టుకుంటే చాలావరకు పట్టినట్టే. ఢిల్లీ సుల్తానులు, మొఘలులు అలా కాదు. వంశాలు, పన్నులు, పదవుల పేర్లు, కట్టడాలు, చరిత్రకారులు, అన్నీ కలిపి 14 గంటలకు తక్కువ పట్టవు. మొదటి మూడింటికి 11 గంటలు పెడితే 2 మార్కులు వస్తాయి.

ఇప్పుడు 130 గంటల జాబితా ఇలా తేలుతుంది: ఆరు భాగాలకు 87, వర్తమాన వ్యవహారాల మొదటి ముక్కకు 12, ప్రాచీన చరిత్రకు 20, మధ్యయుగంలో ఎంచుకున్న మూడు అంశాలకు 11. పెరిగే మార్కులు 38. అంటే 54 నుంచి 92కి.

ఏ ముక్కనైనా ఎంత సైజుకు విడగొట్టాలన్న ప్రశ్నకు ఒక కొలత ఉంది. నాలుగు నుంచి పన్నెండు గంటల్లో చదివి, దానిమీదే విడిగా పరీక్ష రాసుకోగలిగినది ఒక ముక్క. ‘సంఖ్యా శ్రేణులు’, ‘అక్షర శ్రేణులు’ అని వేర్వేరు వరుసలు పెట్టుకుంటే జాబితా ఎనభై వరుసలై దాన్ని సర్దడమే ఒక సబ్జెక్టు అవుతుంది. ‘చరిత్ర’ అని ఒకే వరుస పెడితే జాబితా పెట్టుకుని ప్రయోజనమే లేదు.

గంటల అంచనా తప్పినప్పుడు

ఈ లెక్కలో అన్నిటికంటే నమ్మలేని అంకె గంటలది. చదవని సబ్జెక్టుకు ఎన్ని గంటలు పడుతుందో ముందే ఎవరూ చెప్పలేరు, చెప్పినా తక్కువే చెబుతారు. అందుకని మొదటి భాగం చదువుతున్నప్పుడు గడియారం పెట్టుకుని అసలు గంటలు రాసుకోవాలి. ఫోన్ చూసిన సమయం, టీ తాగడానికి వెళ్లిన సమయం తీసేసి.

సమాజ నిర్మాణానికి 12 అనుకుంటే 17 గంటలు పట్టిందనుకుందాం. అంచనాకు దాదాపు 1.4 రెట్లు. మిగతా థియరీ భాగాలన్నిటికీ అదే నిష్పత్తి వేస్తే మానవ భూగోళానికి 14, సంక్షేమానికి 20, సామాజిక సమస్యలకు 14, ఆర్థిక భూగోళానికి 22 గంటలు అవుతాయి. థియరీ భాగాల మధ్య క్రమం మారదు, ఎందుకంటే అన్నీ ఒకే పాళ్లలో పెరిగాయి. మెంటల్ ఎబిలిటీ వేరే రకం పని, దానికి ఈ నిష్పత్తి వర్తించదు, కాబట్టి అది నాలుగో చోటు నుంచి మొదటికి వస్తుంది. వర్తమాన వ్యవహారాల మొదటి ముక్క 12 గంటలకు కట్టేసుకున్నది కనుక అదీ ఒక మెట్టు ఎక్కుతుంది. కొత్త లెక్క ప్రకారం ఈ ఆరింటితో, అయిపోయిన సమాజ నిర్మాణంతో కలిపి సుమారు 124 గంటలు పోతాయి. ప్రాచీన చరిత్రకు మిగిలేది ఆరు గంటలు. మధ్యయుగం జాబితాలోంచి జారిపోతుంది. చేరగల మార్కు 92 నుంచి 87కు దిగుతుంది.

దిగిందని గంటల అంకెను మళ్లీ తగ్గించి రాసుకునేవాళ్లుంటారు. దాంతో జాబితా అందంగా కనిపిస్తుంది కానీ ఎనిమిదోవారానికి ప్రాచీన చరిత్ర సగంలో ఆగి ఉంటుంది. సగం చదివిన 20 గంటల భాగం కంటే పూర్తిగా చదివి పరీక్ష రాసిన 6 గంటల బౌద్ధ జైనాలే ఎక్కువ మార్కులు తెస్తాయి.

జాబితాను రోజూ మార్చకూడదు. ఒక మోడల్ పేపర్లో మార్కులు తగ్గాయని ఆ రాత్రే క్రమం తిరగరాస్తే ఏ భాగమూ పూర్తికాదు. మూడు వారాలకోసారి కొత్త పేపర్ రాసి, ‘ఇప్పుడు’ గడిలోని మార్కును, గంటల నిష్పత్తిని సరిచేస్తే సరిపోతుంది. 10 వారాల ప్రణాళికలో అలాంటి సవరణలు రెండు మూడుసార్లు వస్తాయి, అంతకంటే అక్కర్లేదు.

క్రమం వేరు, క్యాలెండరు వేరు

జాబితాలో మొదటిది మొదటివారంలోనే పూర్తికావాలని లేదు. మెంటల్ ఎబిలిటీకి ఇచ్చిన 25 గంటలు ఒకే వారంలో కూర్చుని చేస్తే పరీక్షనాటికి వేగం పడిపోతుంది. రోజుకు ఇరవై, పాతిక నిమిషాల చొప్పున పది వారాలూ పరుచుకోవాలి. వర్తమాన వ్యవహారాల 12 గంటలు చివరి మూడు నాలుగు వారాల్లో ఉండాలి, ముందే చదివితే మరిచిపోవడమే కాదు, విషయమే పాతబడుతుంది. మధ్యలో మిగిలిన చోటు థియరీ భాగాలది.

పాతబడటం అన్నది భూగోళంలో కూడా మార్కులు తినేస్తుంది. రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయింది 2022 ఏప్రిల్ 4న. చిత్తూరు జిల్లాను విడదీసి తిరుపతి జిల్లా ఏర్పాటు చేశారు, సూళ్లూరుపేట, శ్రీహరికోట నెల్లూరు నుంచి ఇటు వచ్చాయి. పాత మెటీరియల్‌లో శ్రీహరికోట ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉంటుంది. జనాభా లెక్కల్లో ఇంకో ఉచ్చు ఉంది. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రానికి 8.46 కోట్లు, విభజన తర్వాతి రాష్ట్రానికి సుమారు 4.95 కోట్లు. రెండూ ‘ఆంధ్రప్రదేశ్ జనాభా, 2011’ అనే పేరుతోనే వేర్వేరు పుస్తకాల్లో కనిపిస్తాయి. మానవ భూగోళానికి 10 గంటలే చాలన్న అంచనా, మెటీరియల్ విభజన తర్వాతిది అయితేనే నిలబడుతుంది. కాకపోతే టిక్కు పెట్టి మరీ తప్పు చేసే రకం తప్పులు ఇక్కడే పుడతాయి.

వదిలేసినవాటి సంగతి

భౌతిక భూగోళం, ఆధునిక చరిత్ర ఈ జాబితాలో లేవు. అంటే ఆ 20 ప్రశ్నలూ వదిలేసినట్టు కాదు. ఇప్పటికే వాటిలో 9 మార్కులు వస్తున్నాయి, అవి పోకుండా చూసుకోవాలి. అందుకు పునశ్చరణకు పక్కన పెట్టిన 50 గంటల్లోంచి ఒక్కోదానికి రెండు గంటలు ఇచ్చి, ఇంటర్ లేదా పదో తరగతి పుస్తకంలోని అధ్యాయాంత ప్రశ్నలను ఒకసారి తిరగేస్తే చాలు. పరీక్షలో ఈ రెండు భాగాల్లో టిక్కు, గీత ప్రశ్నలే పెట్టి సున్నాలను వదిలెయ్యాలి.

రెండు భాగాలకు గంటకు లాభం దాదాపు సమానంగా వచ్చినప్పుడు మెయిన్స్ వైపు చూసి తేల్చుకోవచ్చు. ప్రిలిమ్స్ మార్కులు వడపోతకే, తుది ఎంపికకు కలవవు. మెయిన్స్‌లో రెండు పేపర్లు, 300 మార్కులు. రాష్ట్ర చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, శాస్త్ర సాంకేతికాలకు 75 చొప్పున. సంక్షేమ యంత్రాంగంలో చదివే 46వ అధికరణం, ఎస్సీ, ఎస్టీ, బీసీ కమిషన్ల 338, 338ఎ, 338బి అధికరణాలు రాజ్యాంగం పేపర్లో మళ్లీ పనికొస్తాయి. ఆర్థిక భూగోళంలోని పంటలు, పరిశ్రమలు ఆర్థిక వ్యవస్థకు దారితీస్తాయి. ఈ అభ్యర్థి పట్టికలో భౌతిక భూగోళం ఆధునిక చరిత్ర కంటే కొంచెం పైనుంది, 0.15కూ 0.12కూ తేడా అంత నమ్మదగ్గది కాదు. 130 గంటల పైన ఎలాగో పదిహేను గంటలు దొరికితే, జాతీయోద్యమం రాష్ట్ర చరిత్రలో మళ్లీ వస్తుంది కాబట్టి అవి ఆధునిక చరిత్రకు ఇవ్వడమే లాభం. పట్టికను దాటి సొంత తీర్పుకు చోటిచ్చేది ఇలాంటి చోట్లనే.